గ్రహణం వేళకు చంద్రుడు పైకి రావాలి కదా!

గ్రహణాల వేళలను ఖగోళ పట్టికల్లో సాధారణంగా యూటీసీలో ఇస్తారు. ప్రపంచమంతటికీ ఒకే గడియారం అన్నమాట. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అంత కలుపుకోవాలి. మొత్తం 24 దాటితే అందులోంచి 24 తీసేసి, తేదీని ఒకటి పెంచాలి. ఈ రెండో పని చాలామంది మరిచిపోతారు. 2025 సెప్టెంబరు 7 గ్రహణంలో చంద్రుడు సంపూర్ణ దశ నుంచి బయటపడింది సుమారు 18:53 యూటీసీకి. అయిదున్నర గంటలు కలిపితే 24:23. అంటే మనకు 8వ తేదీ, అర్ధరాత్రి దాటి 23 నిమిషాలు.

లెక్క సరిపోయినంత మాత్రాన గ్రహణం కనిపిస్తుందని కాదు. 2026 మార్చి 3 నాటి సంపూర్ణ చంద్రగ్రహణాన్నే తీసుకోండి. చంద్రుడి అంచు భూమి గాఢమైన నీడను తాకేది 09:50 యూటీసీకి. సంపూర్ణ దశ 11:04 నుంచి 12:03 వరకు. నీడ పూర్తిగా విడిచేది 13:17కు. మన గడియారంలో ఇవి వరుసగా మధ్యాహ్నం 3:20, సాయంత్రం 4:34, 5:33, 6:47.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మా ఊళ్లో చంద్రోదయం ఎప్పుడు? పౌర్ణమినాడు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు. ఆ రోజు హైదరాబాదులో అది సుమారు 6:25. ఎర్రబడ్డ చంద్రుణ్ణి చూసే అవకాశం అక్కడ లేనే లేదు. మిగిలేది ఇరవై నిమిషాల పాక్షిక గ్రహణం, అదీ పావు వంతుకు అటూ ఇటూ కప్పి ఉన్న బింబం. విశాఖ తూర్పున ఉంది కాబట్టి అక్కడ చంద్రుడు దాదాపు ఇరవై నిమిషాలు ముందే వస్తాడు; సగం దాకా నీడ కనిపిస్తుంది. గడియారం రెండు ఊళ్లకూ ఒకటే, ఆకాశం మాత్రం కాదు.

ఉదయించిన చంద్రుడు గంటకు సుమారు 15 డిగ్రీలు కదులుతాడు. ఆ లెక్కన 6:47కు హైదరాబాదులో అతని ఎత్తు అయిదు డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే అందులో సగం. తూర్పున అపార్ట్‌మెంటో గుట్టో ఉంటే ఏమీ కనపడదు. సంధ్య వెలుగు కూడా ఇంకా పోదు. పట్టికలో చివరి వేళ 14:23, అంటే మనకు రాత్రి 7:53 అని ఉంటుంది. అది పలుచని ఉపచ్ఛాయ ముగింపు. చివరి గంటలో మామూలు కంటికి తేడా తెలియదు కాబట్టి అంతసేపు ఎదురుచూడనక్కర్లేదు.

అదే గ్రహణం డాలస్‌లోని తెలుగువారికి తెల్లవారుజామున వస్తుంది. అక్కడ యూటీసీ నుంచి ఆరు గంటలు తీసేయాలి. సంపూర్ణ దశ 5:04 నుంచి 6:03 వరకు, చంద్రుడు ఇంకా అస్తమించకముందే. అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరిపేది మార్చి 8న. అలా ముందుకు జరిపి ఉన్న కాలంలో వచ్చే గ్రహణాలకైతే అయిదు గంటలే తీసేయాలి.

ఈ పద్ధతి చంద్రగ్రహణానికే. నీడ చంద్రుడి మీద పడుతుంది కాబట్టి అందరికీ దశలు ఒకే క్షణంలో మారతాయి. సూర్యగ్రహణంలో నీడ భూమి మీద పరుగెడుతుంది. ప్రతి ఊరికీ వేళ వేరు, కాబట్టి మీ ఊరి పేరుతో ఇచ్చిన పట్టికే చూడాలి.