పేదల లెక్కకు అందని మనిషి

హైదరాబాద్‌లో పొద్దున అడ్డా మీద కూలికి నిలబడి, రాత్రి ఫ్లైఓవర్ కింద పడుకునే ఒకాయన్ని ఊహించుకుందాం. ఆయన పేదవాడేనా? అదేం ప్రశ్న అంటారు మీరు. సర్కారు లెక్కలో మాత్రం కాకపోవచ్చు.

ఆ లెక్క చూసేది సంపాదన కాదు, ఖర్చు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి పట్టణాల దారిద్ర్యరేఖ, దేశం మొత్తానికి, మనిషికి నెలకు వెయ్యి రూపాయలు. పొయ్యి లేనివాడు ప్రతి ముద్దా కొనుక్కునే తినాలి. బండి దగ్గర రెండు పూటల తిండి, టీ, డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి, అన్నీ కలిపి ఆ రోజుల్లో దినానికి 60 రూపాయలనుకున్నా నెలకు 1,800. ఇల్లు లేకపోవడమే ఆయన్ని గీత దాటించేసింది!

ఆయనకు తక్కువైంది డబ్బొక్కటే కాదు. రేషన్ కార్డుకు చిరునామా అడుగుతారు. ఉన్న కాగితాలు వానకు తడిసో, నిద్రలో సంచీ పోయో మాయమవుతాయి. చేతిలో అద్దె ఉన్నా, అడ్వాన్సూ ఆధార్ లేనివాడికి గది ఇచ్చే యజమాని అరుదు. దీన్నే సామాజిక వెలి అంటారు. వెలి అనగానే మనకు కుల పంచాయతీ గుర్తొస్తుంది. అక్కడ వెలివేసేవాళ్లు కనిపిస్తారు. కావాలని చేసే వెలి వేరు, ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోయే వెలి వేరు అని అమర్త్యసేన్ 2000లో విడదీసి చెప్పారు. చిరునామా గడి ఈ రెండో రకం.

రోగం ఏదన్నదాన్ని బట్టే మందు. పేదరికమే అనుకుంటే పింఛనో, బియ్యమో ఇస్తాం. అవి కార్డున్నవాడికే చేరతాయి. లక్ష జనాభాకు కనీసం 100 మంది పట్టే ఆశ్రయం కట్టాలని పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. మంచిదే, కానీ మంచాలు లెక్కపెట్టి ఊరుకుంటే పొద్దున్నే ఆయన మళ్లీ చిరునామా లేనివాడే. ఆ ఆశ్రయం చిరునామాతోనే కార్డు, బ్యాంకు ఖాతా ఇప్పిస్తే కథ మారుతుంది. అలాగని కాగితాలతోనే అంతా అయిపోదు. అద్దె కట్టలేని కూలీకి కార్డు వచ్చినా గది రాదు. అక్కడ డబ్బే కావాలి.

నిబంధన మార్చి తలుపు తీసిన ఉదాహరణ మన ఓటర్ల జాబితాలోనే ఉంది. ఇల్లు లేనివారిని చిరునామా రుజువు తెమ్మని ఎన్నికల సంఘం పట్టుబట్టదు. బూత్ స్థాయి అధికారే రాత్రిపూట ఆ చోటుకు వెళ్లి, దరఖాస్తుదారు నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి. అదీ ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. చిక్కల్లా ఒకటే: రెండో రాత్రి అధికారి వచ్చేసరికి, అంతకుముందే పోలీసులు ఆయన్ని అక్కడినుంచి లేపేసి ఉండొచ్చు.