నాలుగు కనెక్షన్లు, ఒకే డిస్కు

ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకోండి. దాని ఆర్డర్లన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో orders అనే ఒకే టేబుల్‌లో ఉన్నాయి. మొత్తం పదిన్నర కోట్ల రికార్డులు. లెక్కలు తీసేవాళ్లకు ఆ టేబుల్ నకలు వేరే చోట కావాలి. ఒక కనెక్షన్ సెకనుకు 10,000 రికార్డులు చదువుతుందనుకుంటే, పని పూర్తవడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. అందుకే టేబుల్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కనెక్షన్‌కు అప్పగిస్తారు.

ముక్కలు చేయడానికి ఆధారం ప్రైమరీ కీ, అంటే ఇక్కడ ఆర్డరు నంబరు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ రికార్డులను ఆ నంబరు క్రమంలోనే దాస్తుంది. కాబట్టి ‘10 కోట్ల నుంచి 20 కోట్ల దాకా’ అని అడిగితే, ముందున్నవేవీ చదవకుండా నేరుగా అక్కడికే వెళ్లగలదు. హడూప్ రోజుల్లో ఈ పనికి విరివిగా వాడిన స్కూప్ సరిగ్గా ఇదే చేసేది. అపాచీ సంస్థ 2021లో దాన్ని పక్కన పెట్టినా, ఆ పద్ధతి ఇప్పటికీ చాలా పరికరాల్లో ఉంది. స్కూప్ ముందుగా ఈ ప్రశ్న వేస్తుంది:

```
SELECT MIN(id), MAX(id) FROM orders
```

జవాబు 1, 40 కోట్లు అని వస్తే, ఆ దూరాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తుంది. ఒక్కో భాగానికి 10 కోట్ల నంబర్లు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సమానంగా పంచింది నంబర్లనే, రికార్డులను కాదు. మన కంపెనీ పాత ఆర్డర్లను ఎప్పటికప్పుడు తొలగిస్తూ వచ్చింది. అందువల్ల మొదటి మూడు భాగాల్లో ఒక్కోదాంట్లో 50 లక్షల రికార్డులే మిగిలాయి. చివరి భాగంలో 9 కోట్లున్నాయి. మొదటి మూడు కనెక్షన్లు ఎనిమిది నిమిషాల్లో పని ముగించి ఖాళీగా కూర్చుంటాయి. నాలుగోది రెండున్నర గంటలు నడుస్తుంది. నలుగురిని పెట్టినా మిగిలింది 25 నిమిషాలే. మూడు పనులు ముగిసి ఒక్కటే గంటలకొద్దీ నడుస్తోందంటే, పంపకంలోనే తేడా ఉందని అర్థం.

దీనికి మందు, హద్దులను లెక్కగట్టడం మానేసి టేబుల్‌నే అడగడం. ఉదాహరణకు 30 కోట్ల నుంచి రెండు లక్షల రికార్డులు దాటాక ఏ నంబరు వస్తుందో ఇలా తెలుసుకోవచ్చు:

```
SELECT id FROM orders
WHERE id >= 300000000
ORDER BY id LIMIT 1 OFFSET 200000
```

ఈ లెక్కన టేబుల్ మొత్తం 525 చిన్న ముక్కలవుతుంది. వాటిని వరుసలో పెడితే, ఖాళీ అయిన కనెక్షన్ తర్వాతి ముక్కను అందుకుంటుంది. నాలుగు కనెక్షన్లతో సుమారు 44 నిమిషాల్లో పని తేలిపోతుంది.

మరి ఎనిమిది కనెక్షన్లు పెడితే 22 నిమిషాలేనా? కాదు. ఒకే బావిలో ఎన్ని మోటార్లు దించినా ఊటను మించి నీళ్లు రావు. ఈ సర్వర్ డిస్కు సెకనుకు 50,000 రికార్డులకు మించి అందించలేదనుకుంటే, ఎనిమిదింటికి పట్టే సమయం 35 నిమిషాలు, పదహారింటికీ అంతే. ఆ తొమ్మిది నిమిషాల ఆదా కూడా ఉచితంగా రాదు. కొనుగోలుదారు ‘నా ఆర్డరు ఎక్కడుంది’ అని నొక్కినప్పుడు వెళ్లే ప్రశ్న కూడా అదే డిస్కు దగ్గర వేచి ఉండాలి. నా దృష్టిలో అసలు కొలత నకలు వేగం కాదు, ఆ కొనుగోలుదారు ఎదురుచూసే సమయం.

భారం పెరుగుతోందని ముందే పట్టుకోవచ్చు. ఒకే క్షణంలో పనిలో ఉన్న ప్రశ్నల సంఖ్యను Threads_running చూపిస్తుంది. అది రోజూ ఉండే స్థాయిని దాటి పెరుగుతూ పోతే కనెక్షన్లు తగ్గించాల్సిందే. ఇంకో గుర్తు History list length. ఒక ప్రశ్న గంటలపాటు నడుస్తుంటే, అది మొదలైన నాటి దృశ్యాన్నే దానికి చూపించాలి గనుక, మారిన రికార్డుల పాత రూపాలను డేటాబేస్ చెరిపేయలేదు. అవి పేరుకుపోతున్న కొద్దీ ఈ అంకె ఎగబాకుతుంది.

చిన్న ముక్కల విలువ ఇక్కడ మరింత బాగా తెలుస్తుంది. ఒక్కో ప్రశ్న 20 సెకన్లలో ముగుస్తుంది కాబట్టి పాత రూపాలు పోగుపడవు. ముక్కకూ ముక్కకూ మధ్య ఆగి, సర్వర్ పరిస్థితి చూసి ముందుకు సాగవచ్చు. టేబుల్ నిర్మాణం మార్చడానికి గిట్‌హబ్ 2016లో విడుదల చేసిన gh-ost కూడా ఇలాగే చిన్న ముక్కలుగా రికార్డులను కాపీ చేస్తుంది. `--max-load=Threads_running=25` అని చెబితే, ఆ హద్దు దాటినప్పుడల్లా కాపీని ఆపేస్తుంది. ప్రతిరూప సర్వర్ నుంచి చదివితే అసలు సర్వర్‌కు ఊరట దొరుకుతుంది. అయితే ఆ ప్రతిరూపం వెనకబడకుండా చూసుకోవాలి.

చిన్న ముక్కలతో ఒక నష్టం ఉంది. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మధ్య ముప్పావుగంట గడుస్తుంది. ఈలోగా కాపీ అయిపోయిన ఆర్డరు రద్దు కావచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందే బిన్‌లాగ్ ఎక్కడుందో రాసి పెట్టుకుంటారు. మార్పులన్నీ వరుసగా నమోదయ్యే చిట్టా అది. కాపీ ముగిశాక, రాసుకున్న చోటి నుంచి చిట్టాలోని మార్పులను నకలుకు వర్తింపజేస్తారు. అప్పుడే ఆ రద్దు నకలులోకీ చేరుతుంది.