సహోద్యోగికి సంతాప మెయిల్

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న సహోద్యోగికి రాసే సంతాప మెయిల్ నాలుగైదు వాక్యాలు మించనక్కర్లేదు. కబురు తెలిసిన రోజే, విడిగా ఆ ఒక్కరికే పంపాలి. అందరికీ వెళ్లే మెయిల్ కింద ఓ ముక్క జోడిస్తే మొక్కుబడిగా కనిపిస్తుంది. సబ్జెక్ట్‌లో 'నాన్నగారి గురించి' అంటే చాలు.

ఉదాహరణకు: "మాధవి గారూ, నాన్నగారు పోయారని తెలిసి చాలా బాధ కలిగింది. ఆయన పెరట్లో కాసిన జామకాయలు మా అందరికీ పంపడం గుర్తొస్తోంది. గురువారం ఆడిట్ ఫైళ్లు నేను చూసుకుంటాను. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

ఇందులో ఒక జ్ఞాపకం, ఒక కచ్చితమైన సాయం ఉన్నాయి. 'ఏం కావాలన్నా అడగండి' అంటే అడిగే భారం దుఃఖంలో ఉన్నవారి మీదే పడుతుంది. జబ్బు గురించి ఆరా తీయడం, 'పెద్దవయసే కదా' అని సర్దిచెప్పడం, ధైర్యంగా ఉండమని హితవు చెప్పడం మరింత నొప్పిస్తాయి. ఆఫీసు పని గురించిన ప్రశ్న అదే మెయిల్‌లో అసలు ఉండకూడదు.