అధిక పీడనంలో నిజ వాయువులు: వాన్ డర్ వాల్స్ సవరణలు

1. విషయ పరిచయం

ఉంగుటూరు, నూజివీడు ప్రాంతాల్లో కోసిన మామిడికాయలను మగ్గబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకం నిషిద్ధం. దానికి బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడేందుకు ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తాయి. సిలిండర్ నుంచి ఇథిలీన్ వదిలే గదిని తీసుకుందాం. గదిలో ఈ వాయువు PV = nRT సూత్రాన్ని దాదాపు పూర్తిగా పాటిస్తుంది. సిలిండర్‌లో మాత్రం పాటించదు. వాయువు ఒకటే అయినా ఈ తేడా ఎందుకు వస్తుందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

2. ఆదర్శ వాయువు ఊహలు ఎక్కడ విఫలమవుతాయి?

అణుచలన సిద్ధాంతంలో మనం రెండు ఊహలు చేశాం. అణువుల సొంత ఘనపరిమాణాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదన్నది మొదటిది. అణువుల మధ్య ఆకర్షణ లేదన్నది రెండోది. 27°C వద్ద, 1 బార్ పీడనంలో ఒక మోల్ వాయువు సుమారు 25 లీటర్లు ఆక్రమిస్తుంది. అంత చోటులో అణువులు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి కాబట్టి రెండు ఊహలూ చెల్లుతాయి. అదే మోల్‌ను పావు లీటరులోకి నొక్కితే అణువులు దగ్గరవుతాయి. అప్పుడు రెండు ఊహలూ చెల్లవు.

3. రెండు సవరణలు

డచ్ శాస్త్రజ్ఞుడు వాన్ డర్ వాల్స్ 1873లో తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఈ సవరణలను ప్రతిపాదించాడు.

*ఘనపరిమాణ సవరణ:* రెండు గోళాకార అణువుల కేంద్రాలు ఒక అణు వ్యాసం కంటే దగ్గరకు రాలేవు. అంటే ఒక జంట చుట్టూ ప్రవేశం లేని చోటు, అణు వ్యాసమే వ్యాసార్ధంగా గల గోళం. దాని ఘనపరిమాణం ఒక అణువు ఘనపరిమాణానికి 8 రెట్లు. దాన్ని జంటలోని ఇద్దరికీ పంచితే ఒక్కో అణువుకు 4 రెట్లు వస్తుంది. ఒక మోల్‌కు ఈ మొత్తమే b. కాబట్టి అణువులు తిరగడానికి మిగిలే చోటు V కాదు, (V − nb).

*పీడన సవరణ:* పాత్ర మధ్యలో ఉన్న అణువును ఇరుగుపొరుగు అణువులు అన్ని వైపులా సమానంగా లాగుతాయి. గోడను తాకబోయే అణువును మాత్రం లోపలి అణువులు వెనక్కి లాగుతాయి. ఈ లాగుడు సాంద్రతకు, అంటే n/V కు అనుపాతంలో ఉంటుంది. గోడను తాకే అణువుల సంఖ్య కూడా n/V కు అనుపాతంలోనే ఉంటుంది. అందువల్ల పీడనంలో తగ్గుదల an²/V². ఈ రెండు సవరణలతో వచ్చే సమీకరణం:

(P + an²/V²)(V − nb) = nRT

4. ఉదాహరణ

27°C (300 K) వద్ద ఒక మోల్ ఇథిలీన్ 0.25 లీటరులో ఉందనుకోండి. లీటర్, బార్, మోల్ ప్రమాణాల్లో R = 0.08314, a = 4.61, b = 0.0582.

ఆదర్శ పీడనం: 24.94 ÷ 0.25 = 99.8 బార్

వాన్ డర్ వాల్స్ పీడనం: 24.94 ÷ 0.1918 − 4.61 ÷ 0.0625 = 130.0 − 73.8 = 56.2 బార్

చోటు తగ్గడం వల్ల పీడనం 130 కి పెరిగింది. ఆకర్షణ దాన్ని 56 కి దించింది. ఇక్కడ ఆకర్షణదే పైచేయి. సంపీడ్యతా గుణకం Z = PV/nRT విలువ 0.56. ప్రయోగ విలువ కూడా దీనికి చాలా దగ్గరగానే ఉంటుంది.

ఇప్పుడు 10 లీటర్ల సిలిండర్‌లో పీడనం 56 బార్లు ఉందనుకోండి. ఆదర్శ సూత్రం ప్రకారం అందులో సుమారు 22.5 మోల్‌లు, అంటే 630 గ్రాములు ఉండాలి. నిజానికి సుమారు 40 మోల్‌లు, 1120 గ్రాములు ఉంటాయి. 50 ఘనమీటర్ల గదిలో 100 పీపీఎం గాఢతకు 5 లీటర్ల ఇథిలీన్, అంటే దాదాపు 5.6 గ్రాములు చాలు. కాబట్టి ఒక సిలిండర్ ఎన్ని విడతలకు వస్తుందని ఆదర్శ సూత్రంతో లెక్కిస్తే 112 అని తేలుతుంది. అసలు జవాబు 200 కి దగ్గర. పీడనమాపకం సగానికి పడిపోయినా వాయువు సరిగ్గా సగమే మిగిలిందని చెప్పలేం. సిలిండర్‌ను తూచి ఖాళీ సిలిండర్ బరువు తీసివేయడమే నమ్మదగిన పద్ధతి.

5. సమీకరణానికి ఉన్న హద్దులు

పీడనం కొన్ని వందల బార్లు దాటేకొద్దీ అణువుల సొంత చోటుదే పైచేయి అవుతుంది. అప్పుడు Z విలువ 1 ని మించుతుంది. సమీకరణం ఈ మలుపును గుణాత్మకంగా చూపుతుంది, కానీ అంకెలు సరిగా ఇవ్వదు. కారణం b లోనే కనబడుతుంది. సమీకరణం ప్రకారం ఒక మోల్ ఇథిలీన్‌ను 0.058 లీటరు కంటే తక్కువ చోటులో ఇమడ్చలేం. అయితే −104°C వద్ద ద్రవ ఇథిలీన్ ఒక మోల్ 0.049 లీటరులోనే ఇముడుతుంది. జంటలను ఒక్కొక్కటిగా లెక్కించి పొందిన b, అణువులు కిక్కిరిసినప్పుడు వాటి నిషిద్ధ ప్రాంతాలు ఒకదానిపై ఒకటి పడతాయన్న విషయాన్ని పట్టించుకోదు. కాబట్టి b ని స్థిరాంకంగా తీసుకోవడం మధ్యస్థ సాంద్రతల వరకే చెల్లుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

300 K వద్ద ఒక మోల్ ఇథిలీన్ 2.5 లీటర్లలో ఉంటే, పై స్థిరాంకాలతో పీడనం ఎంత? ఆదర్శ విలువకు ఎంత శాతం తక్కువ?

జవాబు: 10.21 − 0.74 = 9.47 బార్. ఆదర్శ విలువ 9.98 బార్, తేడా సుమారు 5 శాతం.