రాత్రిపూట వచ్చే బిల్లు మెసేజ్ ఆపాలంటే...

‘బకాయి రిమైండర్లు ఇకపై ప్రతి రాత్రీ ఆటోమేటిక్‌గా వస్తాయి. వద్దనుకుంటే మాకు తెలపండి.’ ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఇలాంటి నోటీసు వస్తే చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. కానీ అందులో తెలుసుకోవాల్సిన విషయం ఉంది.

ఈ మెసేజ్‌లను మనుషులు కూర్చుని పంపరు. రోజూ నిర్ణీత సమయానికి కంప్యూటరే ఖాతాలు చూసి, బిల్లు కట్టాల్సినవాళ్ల జాబితా తయారుచేస్తుంది. ఆ జాబితా రాత్రి 8 గంటలకు తయారైందనుకుందాం. మీరు 8.20కి యూపీఐలో 590 రూపాయలు కట్టారు. అయినా 9 గంటలకు ‘బిల్లు కట్టండి’ అని మెసేజ్ రావచ్చు. కంగారుపడి మళ్లీ కట్టకండి. మర్నాటి రాత్రి కూడా వస్తే మాత్రం మీ డబ్బు ఖాతాలో జమ కాలేదేమో కనుక్కోవాలి. రసీదులోని యూటీఆర్ నంబరు చెబితే కంపెనీవాళ్లు వెతికిపెడతారు.

వద్దనుకుంటే 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ పెట్టించుకుంటే సరిపోదు. అది ప్రకటనలను ఆపుతుంది గానీ, మీ ఖాతాకు సంబంధించిన మెసేజ్‌లను ఆపదు. నోటీసులో చెప్పిన పద్ధతిలో కంపెనీకే తెలపాలి. అప్పటికే జాబితా తయారై ఉంటే ఆ రాత్రికి మరో మెసేజ్ రావచ్చు.

రిమైండర్ ఆగినంత మాత్రాన బిల్లు ఆగదు. గడువు దాటితే ఆలస్య రుసుమూ పడవచ్చు. అందుకే మెసేజ్ వద్దనే ముందు గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. ఆపడానికంటూ ఎవరైనా ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకండి.