‘ఒమాకసే’, ‘ఇజకాయా’... ఏమిటి తేడా?

జపాన్‌లో సుషీ కౌంటర్ ముందు కూర్చుని ‘ఒమాకసే’ అంటే, ‘మీకే వదిలేస్తున్నా’ అని ఒప్పుకున్నట్టే. ఇక మెనూ ఉండదు. ఏం పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో వంటవాడిదే నిర్ణయం. ధర సాధారణంగా ముందే ఖరారవుతుంది. తినకూడనివి ఉంటే బుకింగ్ సమయంలోనే చెప్పాలి.

చేపే కదా, ఇబ్బంది ఏముంది అనుకుంటే పొరపాటు. సుషీ మీద పూసే సోయా సాస్‌లో తరచూ మిరిన్, సాకే కలుపుతారు. రెండూ బియ్యంతో చేసే మద్యాలే. అందుకే ‘పంది మాంసం వద్దు’ అంటే చాలదు, వీటినీ పేరుపెట్టి వద్దనాలి.

ఇజకాయా అంటే అసలు కూర్చుని సాకే తాగే దుకాణం. ఇక్కడ కావలసినవి ఒక్కో ప్లేటు తెప్పించుకోవచ్చు. అయితే కూర్చోగానే అడగకపోయినా ఓ చిన్న గిన్నె వస్తుంది. దాని పేరు ‘ఒతోషి’. అది ఫ్రీ కాదు, ఒకరకంగా సీటు చార్జీ. మనిషికి 400 యెన్‌లైతే, నలుగురున్న కుటుంబానికి ముట్టకపోయినా బిల్లులో 1,600 యెన్‌లు పడతాయి.

మనిషికో డ్రింక్ చెప్పడం అక్కడి ఆనవాయితీ. టీ చెప్పినా సరిపోతుంది. కానీ ‘ఊలాంగ్ చా’ అనాలి. ‘ఊలాంగ్ హై’ అంటే అందులో మద్యం కలిపి తెస్తారు!