కర్త లేని, తేదీ లేని ఆకరాల సూచన: ‘చిత్తూరు జిల్లా’ ఉదాహరణగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రభుత్వ నివేదికలు, సంస్థల కరపత్రాలు, అంతర్జాల పుటలు పరిశోధనలో ఆకరాలుగా విరివిగా వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలావాటిపై కర్త పేరు గాని, ప్రచురణ తేదీ గాని కనిపించదు. అటువంటి ఆకరాలను గ్రంథసూచిలో ఎలా నమోదు చేయాలో, తేదీ లేని లోటును అంతస్సాక్ష్యంతో ఎంతవరకు పూరించవచ్చునో చిత్తూరు జిల్లాకు సంబంధించిన ఆకరాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఆకర సూచన, సంస్థాకర్తృత్వం, కాల నిర్ణయం, అంతస్సాక్ష్యం, చిత్తూరు జిల్లా.

1. ప్రవేశిక

‘చిత్తూరు జిల్లాలో 66 మండలాలున్నాయి, జనాభా 41,74,064’ అన్న వాక్యం ఒక సిద్ధాంత గ్రంథంలో కనిపించిందనుకుందాం. ఆకరంగా జిల్లా అధికారిక వెబ్‌సైటు పేరు మాత్రమే ఉంది. 2011 జనగణన నాటి జిల్లాకు ఈ సంఖ్యలు సరిపోతాయి. అయితే 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలో చేరాయి. ఇప్పుడు అదే పేరుతో ఉన్న జిల్లాకు ఆ సంఖ్యలు వర్తించవు. ఆకరానికి తేదీ లేకపోవడం వల్ల ఇక్కడ వాక్యం ఏ భూభాగాన్ని గురించి చెబుతున్నదో తెలియకుండా పోయింది.

2. కర్త ఎవరు?

కర్త పేరు కనిపించనప్పుడు ‘అజ్ఞాత కర్త’ అని రాయడం మన గ్రంథసూచులలో తరచుగా కనిపించే పొరపాటు. ఎ.పి.ఎ. పద్ధతి ప్రకారం ఆకరంపైనే ఆ మాట కర్త పేరుగా ముద్రితమై ఉంటే తప్ప అలా రాయకూడదు. వ్యక్తి పేరు లేనప్పుడు మొదట చూడవలసింది ఆ రచనకు బాధ్యత వహించిన సంస్థను. 2011 జనగణనకు చెందిన చిత్తూరు జిల్లా కరదీపికకు ఆంధ్రప్రదేశ్ జనగణన కార్యకలాపాల సంచాలక కార్యాలయమే కర్త. ప్రచురణకర్త కూడా అదే సంస్థ అయితే ఎ.పి.ఎ. పద్ధతిలో ఆ పేరును రెండవసారి రాయనక్కరలేదు. సంస్థ పేరు కూడా దొరకనప్పుడు మాత్రమే శీర్షికను కర్త స్థానంలోకి తీసుకురావాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, సంస్థ ప్రచురించిన ప్రతి నివేదికనూ కర్త లేనిదిగా భావించకూడదు. తిరుమల తిరుపతి దేవస్థానం శాసనాలపై 1930లో వెలువడిన నివేదిక దేవస్థానం ప్రచురణే అయినా దాని కర్త సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి. అట్టపై ఉన్న సంస్థ పేరుతో సరిపెట్టుకుంటే పరిశోధకుని కృషి సూచిలో కనుమరుగవుతుంది. కాబట్టి లోపలి ముఖపత్రం, పీఠిక చివరి సంతకం చూసి తీరాలి. అయితే ముందుమాట రాసిన అధికారి గ్రంథకర్త కాడు. రెండవది, జిల్లా వెబ్‌సైట్ల అడుగుభాగంలో జాతీయ సమాచార కేంద్రం పేరు కనిపిస్తుంది. అది సైటును రూపొందించి నిర్వహించే సంస్థ. అందులోని విషయానికి బాధ్యత జిల్లా యంత్రాంగానిది కనుక కర్త స్థానం దానికే చెందుతుంది.

3. తేదీ ఎక్కడ?

ఒక ఆకరంలో మూడు రకాల కాలాలు ఉండవచ్చు. విషయం ఏ కాలానికి చెందిందన్నది ఒకటి, అది ఎప్పుడు ప్రచురితమైందన్నది రెండవది, పరిశోధకుడు దాన్ని ఎప్పుడు చూశాడన్నది మూడవది. జనగణన కరదీపిక శీర్షికలోని 2011 లెక్కల సంవత్సరం. ప్రచురణ సంవత్సరాన్ని ముద్రణ వివరాలలో వేరుగా వెదకాలి. వెబ్‌సైటు అడుగున కనిపించే ‘చివరిగా నవీకరించిన’ తేదీ కూడా తరచు సైటు మొత్తానికి సంబంధించినదే. ఎక్కడో ఒక ప్రకటన చేర్చినా ఆ తేదీ మారవచ్చు. మనం వాడుకున్న పుట ఆ రోజున మారిందనడానికి అది సాక్ష్యం కాదు.

తేదీ నిజంగా లేదని తేలినప్పుడు ఎ.పి.ఎ. పద్ధతిలో సంవత్సరం స్థానంలో ‘ఎన్.డి.’ అని రాస్తారు. తెలుగు వ్యాసంలో దీనికి ‘తే.లే.’ (తేదీ లేదు) వంటి సంక్షిప్తం వాడితే, దాని వివరణను మొదటి ప్రయోగం వద్దనే ఇవ్వాలి. ఒకే కర్తవి తేదీ లేని ఆకరాలు రెండుంటే తే.లే.-అ, తే.లే.-ఆ అని వేరుచేయాలి. మారుతుండే పుటలకు చూసిన తేదీని తప్పక చేర్చాలి. ఎం.ఎల్.ఎ. పద్ధతిలో సాధారణంగా ‘ఎన్.డి.’ వాడరు. తేదీ లేని వెబ్ పుటకు నమోదు చివర చూసిన తేదీ ఇస్తారు.

4. అంతస్సాక్ష్యంతో కాల నిర్ణయం

కవుల కాల నిర్ణయంలో తెలుగు పరిశోధకులకు పూర్వావధి, ఉత్తరావధి సుపరిచితాలు. తేదీ లేని నివేదికకు కూడా ఆ పద్ధతి వర్తిస్తుంది.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో చేరింది. ముద్రణ సంవత్సరం లేని ఒక చిరుపుస్తకం తిరుత్తణిని చిత్తూరు జిల్లా తాలూకాగా పేర్కొంటే అందులోని విషయం 1911–1960 నాటిది. అందులోనే ‘ఆంధ్రప్రదేశ్’ అన్న రాష్ట్ర నామం ఉంటే పూర్వావధి 1956 నవంబరు 1కి జరుగుతుంది. అప్పుడు ‘[సుమారు 1956–1960]’ అని చదరపు కుండలీకరణాల్లో రాయవచ్చు. ఆ తేదీ ముఖపత్రంపై లేదని, పరిశోధకుడు నిర్ణయించినదని ఆ కుండలీకరణాలు తెలుపుతాయి. ఆధారమేమిటో పాదసూచికలో ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పూర్వావధి బలమైనది. జరగని మార్పును ఏ రచనా ముందుగా నమోదు చేయలేదు. ఉత్తరావధి బలహీనమైనది. పాత వివరాలను సరిదిద్దకుండా పునర్ముద్రించడం, వెబ్ పుటను అలాగే వదిలివేయడం సాధారణం. 66 మండలాలని చెప్పే పుట 2022 తరువాత కూడా తెరమీద ఉండవచ్చు. అందువల్ల అంతస్సాక్ష్యం సమాచారపు కాలాన్ని చెప్పగలదు గాని పుట కాలాన్ని అన్నివేళలా చెప్పలేదు.

5. వెబ్ పుటకు ఉత్తరావధి

ఈ లోటును ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్ కొంతవరకు తీరుస్తుంది. అందులో భద్రపరిచిన ప్రతి చిరునామా ఇలా ఉంటుంది:

```
https://web.archive.org/web/YYYYMMDDhhmmss/పుట-చిరునామా
```

మధ్యలోని 14 అంకెలు ప్రతిని భద్రపరిచిన సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. ఆ సమయానికి పుట ఆ రూపంలో ఉండేదని ఇది రుజువు చేస్తుంది. పుట రాసిన తేదీ అదే అని మాత్రం కాదు. పాత ప్రతి దొరకకపోతే పరిశోధకుడే ఆ రోజున పుటను అక్కడ భద్రపరిచి, ఆ చిరునామాను సూచిలో ఇవ్వవచ్చు.

మొదటి ఉదాహరణలోని పుటను పరిశోధకుడు 2021 జనవరి 12న చూసి ఉంటే ఎ.పి.ఎ. పద్ధతి ననుసరించి నమోదు ఇలా ఉంటుంది:

చిత్తూరు జిల్లా యంత్రాంగం. (తే.లే.). జిల్లా గురించి. 2021 జనవరి 12న చూసినది. https://chittoor.ap.gov.in

చివర హోమ్ పేజీకి బదులు ఆ పుట పూర్తి చిరునామాను, భద్రపరిచిన ప్రతి ఉంటే దాని చిరునామాను ఇవ్వాలి. వ్యాసం లోపల (చిత్తూరు జిల్లా యంత్రాంగం, తే.లే.) అని చూపి, వాక్యంలోనే ‘2022 విభజనకు ముందరి చిత్తూరు జిల్లాలో, 2011 జనగణన ప్రకారం’ అని రాయాలి. జనాభా సంఖ్యకు జనగణన కరదీపిక అందుబాటులో ఉన్నప్పుడు వెబ్ పుటకు బదులు దాన్నే ఉదహరించడం సమంజసం.

6. ముగింపు

‘తే.లే.’ అన్న గుర్తు ముఖపత్రం, పీఠిక, అంతస్సాక్ష్యం, భద్రపరిచిన ప్రతి చూసిన తరువాత మిగిలే నిర్ధారణ కావాలి. తేదీ దొరకకపోయినా, చెప్పిన విషయం ఏ నాటి ఏ భూభాగానికి చెందిందో వాక్యంలో తెలిపితే తరువాతి పరిశోధకుడు దాన్ని సరిచూసుకోగలడు. అది తెలపలేని స్థితిలో ఆ సంఖ్యను వాడకపోవడమే మేలు.